నైట్ షిఫ్టుకి వెళ్తున్న స్వాతికి

స్వాతీ,

నీకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేస్తే ఎంత మురిసిపోయానో. నైట్ షిఫ్టు అనగానే మాత్రం గుండె గుభేలుమంది. మీ తాతయ్యకి తెల్లవారుజామున పక్షవాతం వచ్చినప్పుడు పక్కన ఉన్నది నేనే. ఆయనకి బీపీ ఉందని ఆ రోజు దాకా మాకెవరికీ తెలీదు. అది మన ఇంట్లో ఉన్న జబ్బే తల్లీ.

కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే తాగెయ్. పొద్దున ఇంటికొచ్చేటప్పుడు చలువ కళ్ళద్దాలు పెట్టుకో. ఫోన్ పడగ్గది బయట ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

తెలియంది నా సంగతి. వార్డులో రాత్రంతా అందరి బీపీ చూసేదాన్ని, నాది చూసుకోలేదు. డ్యూటీ దిగి తొమ్మిదింటికి మంచమెక్కితే నిద్ర పట్టేది కాదు. లేస్తే ఉన్న నిద్ర కూడా పోతుందని సాయంత్రం నాలుగు దాకా దొర్లేదాన్ని. ఆ ఏడు గంటల్లో నిద్రపోయింది నాలుగు కూడా ఉండదు. మాటిమాటికీ గోడ గడియారం చూడటం, ఇంకా పట్టలేదేమని గాభరా పడటం. చివరికి మంచం చూస్తేనే ఉన్న మత్తు వదిలిపోయేది.

42వ ఏట తలనొప్పని చూపించుకుంటే 160/100. ఒక మాత్ర వేశారు, తర్వాత రెండోది. అయినా దిగలేదు. అప్పుడొక డాక్టరుగారు 24 గంటలూ బీపీ కొలిచే పట్టీ చేతికి కట్టి పంపారు. నిద్రలో బీపీ మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది, రక్తనాళాలకి దొరికే తెరిపి అదే. నాకది దాదాపు తగ్గనే లేదు. కళ్ళు మూసుకున్నా ఒళ్ళు మేలుకునే ఉంటే ఎలా తగ్గుతుంది?

ఆయన మూడో మాత్ర రాయలేదు. కళ్ళు మూతలు పడుతుంటేనే మంచమెక్కమన్నారు. ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చోమన్నారు. ఎంత తక్కువ నిద్రపోయినా లేచే టైము మార్చొద్దన్నారు. మొదటి వారం నరకం. ఆ రోజుల్లో బండి నడపకు, చెప్తున్నాను! మూడో వారానికి దిండు మీద తల పెడితే నిద్ర పట్టేది. రెండు నెలలకి 138/86కి దిగింది. రెండో మాత్ర ఆయనే తీసేశారు. మొదటిది ఇప్పటికీ వేసుకుంటున్నాను, నిద్రొక్కటే అన్నీ చేయదు.

మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి కొన్నావని తెలిస్తే ఊరుకోను. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నావని నీ రూమ్మేట్ ఎప్పుడైనా అంటే, అది నేను చెప్పిన చిట్కాలతో పోయేది కాదు. వెంటనే డాక్టరుకి చెప్పి స్లీప్ టెస్ట్ చేయించుకో.

నెలకోసారి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని బీపీ చూసుకో. ఒక్కసారి ఎక్కువొచ్చిందని భయపడకు. ఇంట్లో చూసినప్పుడల్లా 135/85 దాటుతుంటే మాత్రం ఆగకుండా డాక్టరుకి చూపించుకో.

నీ గది కిటికీ పొడవు, వెడల్పు కొలిచి పంపు. నల్ల గుడ్డ రెండు పొరలేసి కర్టెన్ కుట్టి మీ అమ్మతో పంపిస్తాను.

మీ పెద్దమ్మ