పిల్లోడి ఫుట్‌బాల్ బూట్లు ఊళ్ళో కొనాలా, వచ్చాక కొనాలా?

పోయిన సంక్రాంతికి నెల్లూరు పోయేసరికి మా చెల్లెలింట్లో నాలుగు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఫిబ్రవరిలో వాళ్ళ ప్రయాణం, మేముండే బర్మింగ్‌హామ్‌కే. కందిపొడి సీసాకీ కుక్కరుకీ మధ్యలో కొత్త బూట్ల డబ్బా ఒకటి కనపడింది. పధ్నాలుగేళ్ళ మా మేనల్లుడికి ఫుట్‌బాల్ పిచ్చి. అక్కడ రేటెక్కువని ట్రంకు రోడ్డులో ముందే కొనిపెట్టేశారు.

"ఎట్టున్నాయి మామా?" అని వాడు వరండాలో గచ్చు మీద టకటకమని నడిచి చూపించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఆ ఒక్క జతలోనే మనవాళ్ళు చేసే పొరపాట్లు మూడూ ఉన్నాయి. అడుగున నేల్లో గుచ్చుకునే పొడుగాటి, పలకల్లాంటి బ్లేడు స్టడ్లు, పెరిగే పిల్లోడు గదా అని రెండు సైజులు పెద్దవి, పైన చీలమండ దాకా మేజోడు లాంటి అల్లిక కాలరు. పోయినేడు వాడి కుడి చీలమండ బెణికింది కాబట్టి ఆ కాలరు సపోర్టు ఇస్తుందని షాపతను చెప్పాడంట.

గచ్చు మీద తప్ప ఇంకా వెయ్యలేదు కాబట్టి విప్పించి డబ్బాలో పెట్టించాను. సాయంత్రం వాణ్ణి వీధి చివరి గ్రౌండుకి తీసుకుపోయి బండి తాళంచెవి చేతికిచ్చి, "నేల్లోకి గుచ్చరా" అన్నాను. కార్తీకం వానలకి బురదై, పండగనాటికి ఎండి బిగుసుకుపోయిన నేల. చెవి మొన కూడా దిగలేదు. చెవి దిగని నేల్లో స్టడ్డు మాత్రం ఎట్టా దిగుతుంది? పిల్లోడు పదో పన్నెండో మేకుల మీద నిలబడి పరిగెత్తినట్టుంటుంది. ఈ వయసులో మడమ ఎముక చివర ఇంకా ఎదుగుతుంటుంది. ఆట అయ్యాక మడమ వెనకాల నొక్కితే పిల్లోడు అబ్బా అంటాడంటే, గట్టినేల మీద స్టడ్లు అక్కడ పొడుస్తున్నాయేమో చూసుకోవాలి. మన నేలకి స్టడ్లే అక్కర్లేదు. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ బూట్లు చాలు. డబ్బా మీద టీఎఫ్ అని ఉంటుంది.

మరి ఇంగ్లండు నేల? అదే తాళంచెవి పరీక్ష అక్కడా పనికొస్తుంది. కాస్త అదిమితే దిగి, తీస్తే శుభ్రంగా వస్తే అది ఎఫ్‌జీ నేల, అంటే గట్టి పచ్చిక. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మళ్ళీ వసంతంలో అట్టా ఉంటుంది. వరిమడిలో దిగినట్టు దిగిపోతే అది ఎస్‌జీ నేల. దానికి ఇనుప మొనలతో విప్పి బిగించుకునే స్టడ్లుంటాయి. అవి వారానికొకసారి ఆడే పిల్లోడికి కొనొద్దంటాను. అంత బురదైతే మ్యాచే రద్దు చేస్తారు.

అసలు సంగతి మూడోది, ప్లాస్టిక్ గడ్డి. శీతాకాలంలో స్కూలు ఆటలు, క్లబ్బు ప్రాక్టీసు చాలావరకు దాని మీదనే, లైట్ల వెలుతుర్లో. వాళ్ళు త్రీజీ అనో ఫోర్‌జీ అనో అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే, ఎందుకంటే అది చూడ్డానికి పచ్చగడ్డే. "గడ్డి మీదే గదా, ఎఫ్‌జీ సరిపోతుంది" అనుకుంటాం. నేనూ అనుకున్నాను.

మావాడికి పదమూడేళ్ళప్పుడు సెప్టెంబరులో ఎఫ్‌జీ బూట్లు కొన్నాను. బ్లేడు స్టడ్లు. పచ్చిక మీద నెలరోజులు బాగానే ఆడాడు. అక్టోబరు చివర్లో పొద్దు తగ్గేసరికి ప్రాక్టీసు త్రీజీకి మారింది. రెండో వారమే, ఎవరూ తగలకుండానే, బంతి తీసుకుని ఎడమకి తిరగబోయి కూలబడ్డాడు. వాడు తిరిగాడు, బూటు తిరగలేదు. ఆ గడ్డి పోచల మధ్య నల్లటి రబ్బరు గుళికలుంటాయి. పొడుగు స్టడ్డు వాటిల్లోకి మొదలంటా దిగి పట్టేసుకుంటుంది. నిజం పచ్చికైతే ఆ తిప్పుడుకి మట్టి పెళ్ళలేచి కాలు వదులుతుంది. ప్లాస్టిక్ గడ్డి అట్టా చినగదు, వదలదు. ఆ మెలి అంతా పోయి చీలమండకో మోకాలికో చేరుతుంది. మావాడికి చీలమండతో పోయింది, ఆరు వారాలు ఆట లేదు. పైగా అదే జతకి ముందు భాగంలో అడుగు ఊడొచ్చింది. మార్చమని షాపుకి పోతే డబ్బా పక్కన సన్నటి అక్షరాలు చూపించారు: కృత్రిమ గడ్డి మీద వాడితే గ్యారంటీ లేదు. డబ్బా నేనప్పుడు చదివి ఉంటేగా.

త్రీజీకి కావాల్సింది ఏజీ అని రాసున్న బూటు. అడుగు తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. ఎఫ్‌జీకి పది పన్నెండు పొడుగు స్టడ్లయితే, ఏజీకి వాటికంటే ఎక్కువ, పొట్టివి, గుండ్రటివి, కొన్నిటికి మధ్యలో బోలుగా ఉంటుంది. గుండ్రంగా ఉంటేనే కాలు తిరుగుతుంది. బ్లేడు గుంటక పలుగులాగా అడ్డం పడుతుంది. కొన్నాక ఆ నేల మీదనే ఒక పరీక్ష చెయ్యమనండి. బరువంతా ముందు పాదం మీద వేసి, బీడీ ముక్క నలిపినట్టు తిప్పాలి. కాస్త బిగువుగా తిరిగితే సరే, పాతేసినట్టు నిలిచిపోతే ఆ బూటు ఆ నేలకి కాదు.

పాత రకం ఆస్ట్రో గ్రౌండ్లు కూడా ఇంకా ఉన్నాయి. వంగి పోచలు విడదీసి చూడండి. నల్ల గుళికలు పైకొస్తూ వేలు సగం దాకా మునిగితే త్రీజీ. కార్పెట్టులా పొట్టిగా ఉండి ఇసక తగిలితే ఆస్ట్రో, దానికి టీఎఫ్ చాలు.

అందుకే అందరికీ చెప్పేదొకటే, బూట్లు ఊర్లో కొనొద్దు. వచ్చాక వారం ఆగి, పిల్లోడు వారంలో ఎక్కువసార్లు ఆడేది ఏ నేల మీదో కనుక్కుని అప్పుడు కొనండి. ఒక్క జతే కొనగలిగితే ఏజీ కొనండి. ఎండిన పచ్చిక మీద కూడా అది బాగానే నడుస్తుంది, బురదలో మాత్రం జారుతుంది. ఎఫ్‌జీని త్రీజీ మీద వాడ్డం కంటే ఏజీని పచ్చిక మీద వాడ్డమే మేలు.

ఇక చీలమండ. ఆ అల్లిక కాలరు వల్ల కాలికి బూటు అతుక్కున్నట్టు ఉంటుంది, అంతే. సాగే గుడ్డ, పాదం పక్కకి మడతపడితే ఆపలేదు. మోకాలి కింద ముందువైపు కట్టుకునే షిన్‌ప్యాడ్లు కొన్నిటికి కింద కుట్టుంటుందే, చీలమండకి రెండు పక్కలా గుండ్రటి దిండు, అది ఎదుటివాడి తన్ను తగలకుండా కాపాడుతుంది, బెణుకుని కాదు. ఈ రెంటినీ ఒకటే అనుకుని డబ్బులు పెట్టేవాళ్ళు ఎంతమందో. షిన్‌ప్యాడ్లు మాత్రం నియమం ప్రకారం తప్పనిసరి, లేకపోతే రిఫరీ దిగనివ్వడు.

ఒకసారి బెణికిన కాలికి నిజంగా పనిచేసేవి రెండు. ఒకటి లేసులతో బిగించే యాంకిల్ బ్రేసు, ఆటప్పుడు వేసుకునేది. రెండోది పైసా ఖర్చు లేనిది: రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడ్డం, అలవాటయ్యాక కళ్ళు మూసుకుని నిలబడ్డం. బెణికితే ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు ఒక్కటే సాగదు, కాలు ఎటు వంగుతోందో తెలిసే గ్రహింపు కూడా మందగిస్తుంది. అది తిరిగి రావాలంటే ఇదే దారి. మళ్ళీ బెణికినప్పుడు మాత్రం, నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే, లేదా చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పంటే, ఐసు పెట్టి ఊరుకోకుండా ఎక్స్‌రేకి తీసుకుపోండి.

ఫిబ్రవరిలో వాళ్ళు దిగారు. మొదటి శనివారం క్లబ్బుకి ముగ్గురం ఊరికే చూసొద్దామని పోయాం. పచ్చిక గ్రౌండులో నీళ్ళు నిలిచున్నాయి, ప్రాక్టీసంతా త్రీజీ మీదనే. ఆ సాయంత్రమే షాపుకి పోయాం. ఆట మేజోళ్ళు, బ్రేసు సంచిలో వేసుకుని పోయాం, బ్రేసు లేకుండా చూసి కొంటే తరవాత అందులో పట్టదు. వాడు నిలబడగా రెండు పాదాలూ కొలిపించాను. కుడిది కాస్త పెద్దది, దాని ప్రకారమే తీసుకున్నాం. ఊళ్ళో సైజు ఏడైతే ఇంగ్లండులో కూడా ఏడే. అమెరికా పోయేవాళ్ళు ఒకటి కలుపుకుని ఎనిమిది అడగాలి.

మనోళ్ళ పిల్లలు చెప్పుల్లో, ఉత్తకాళ్ళతో పెరగడం వల్లో ఏమో, ముందు పాదం వెడల్పు. అందుకని మొదటి జతలోంచి లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబెట్టాను. చిటికెన వేలు అంచు దాటి కిందకి జారింది. వెడల్పు రకం అడిగితే ఇంకో జత తెచ్చారు, అందులో వేళ్ళన్నీ అట్ట మీదనే ఉన్నాయి. బొటనవేలి ముందు చిటికెన వేలి వెడల్పంత ఖాళీ. అంతకు మించితే పాదం లోపల జారి, మడమ లేచి, బెణుకు మళ్ళీ మొదటికొస్తుంది. "ఆర్నెల్లకి బిగుతైపోవా బావా?" అన్నాడు మా బావ. అయిపోతాయి. అందుకే ఖరీదైన మోడలు వద్దని మధ్యరకం కొనిపించాను.

ఏప్రిల్లో క్రికెట్ మొదలైంది, మళ్ళీ అదే ప్రశ్న. పిల్లల మ్యాచ్‌లు చాలా చోట్ల కృత్రిమ పిచ్ మీదనే, దాని మీద ఇనుప స్పైకులు రానివ్వరు, రబ్బరు స్టడ్లే. పిల్లోడు పచ్చిక పిచ్ మీద ఫాస్ట్ బౌలింగ్ చేసేవాడైతేనే ముందూ మడమా రెండు చోట్లా స్పైకులున్నవి కావాలి. బంతి వదిలేటప్పుడు ముందు కాలు సాధారణంగా మడమతో నేల తాకుతుంది, ముందు మాత్రమే స్పైకులుండే బూటు అక్కడ జారుతుంది. బ్యాటింగో స్పిన్నో అయితే ఆ సగం స్పైకులవే హాయి. మావాడు ఇంకా రబ్బరు స్టడ్లతోనే ఆడుతున్నాడు.

తడిసిన బూట్లని రేడియేటరు మీద పెట్టొద్దని మా చెల్లెలికి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, ఆ వేడికి అడుగు జిగురు వదిలేస్తుంది. ఇప్పుడు నెల్లూరు నుంచి సీసాలు చుట్టుకొచ్చిన పాత పేపర్లన్నీ వాడి బూట్లలో కుక్కి వాకిట్లో ఆరబెడుతోంది.