"ఆయ్" ఎక్కువైన బాట్

"మా షాపు చాట్‌బాట్ మన గోదారి యాసలో మర్యాదగా మాట్లాడాలంటే ఎన్ని ఉదాహరణలతో ఫైన్‌ట్యూన్ చేయాలి? ఐదు వేలు సరిపోతాయా?"

నా దగ్గర ఆరు వేలు ఉండేవండీ. నన్ను ముంచినవి అవే.

భీమవరం దగ్గర రొయ్యల మేత, మందులు అమ్మే షాపుకి బాట్ చేశాను. ఓనరు గారు మూడేళ్ల వాట్సాప్ చాట్లు ఇచ్చారు. సగం స్క్రీన్‌షాట్లు, మధ్యలో సంక్రాంతి శుభాకాంక్షల బొమ్మలు. చాట్ ఎక్స్‌పోర్ట్ అనేది ఒకటి ఉందని ఒప్పించేసరికి నాకు రెండ్రోజులు పట్టింది. పేర్లు, నంబర్లు తీసేసి మొత్తం మోడల్‌కి శిక్షణగా పోసేశాను. ఐదు ఎపోక్‌లు తిప్పాను, అంటే మొత్తం డేటా ఐదుసార్లు చూపించాను. మోడల్ తప్పులకు కొలతైన లాస్ దిగుతుంటే మురిసిపోయాను.

తెల్లవారుజామున నాలుగింటికి మా బావగారు పరీక్షకని "రొయ్యలు తేలుతున్నాయి" అని కొట్టారు. అంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయింది, ఆలస్యమైతే పంట పోతుంది. బాట్ ఏమందో తెలుసా? "ఆయ్, బాగున్నారాండీ! ఈరోజు వంద కౌంటు రేటు..." అంటూ రెండేళ్ల కిందటి రేటు రూపాయితో సహా అప్పజెప్పింది. అప్పుడు బావగారు ఫోన్‌లో నన్ను తిట్టిన యాసే అసలు డేటా!

ఫైలు తెరిచి చూస్తే ఒకే రేటు మెసేజ్ వందల మందికి ఫార్వర్డ్ అయి ఉంది. అలాంటివి తీసేస్తే 900 మిగిలాయి. ఇంకో తప్పు కూడా చేశాను. వాలిడేషన్‌కి, అంటే శిక్షణలో చూపించకుండా పరీక్షకి దాచే భాగానికి, లైన్లు ఎలా పడితే అలా విడదీశాను, దాంతో అదే ఫార్వర్డ్ రెండు వైపులా పడి మార్కులు బాగా వచ్చాయి. కస్టమర్ల వారీగా విడదీసి మళ్లీ నడిపితే, రెండో ఎపోక్ తర్వాత ట్రెయినింగ్ లాస్ దిగుతూనే ఉంది, వాలిడేషన్ లాస్ పెరగడం మొదలైంది. ఓవర్‌ఫిట్ అంటే అదే. నేర్చుకోవడం మానేసి బట్టీ పడుతోంది.

ఆ 900 కూడా పక్కన పెట్టి, కౌంటర్లో కూర్చునే అబ్బాయితో కలిసి 240 చేత్తో రాశాను. కోపంగా ఉన్న రైతు, ఒక్క ముక్కలో అడిగే రైతు, మాకు జవాబు తెలియని ప్రశ్న, అన్నీ పెట్టాం. రేట్లు, మోతాదులు బట్టీ పట్టకుండా, అవి కావాల్సిన చోట ప్రశ్నతోపాటు ఆ రోజు రేట్ల పట్టీ కూడా ఇచ్చి, అందులోంచే చూసి చెప్పినట్టు రాశాం. అత్యవసరమైతే "ఆయ్" లేదు:

```
{"messages":[
{"role":"user","content":"రొయ్యలు తేలుతున్నాయి"},
{"role":"assistant","content":"ఏరేటర్లన్నీ వేసేయండి, మేత ఆపండి. ఎన్ని ఏరేటర్లున్నాయండీ?"}]}
```

రెండు ఎపోక్‌లతో సరిపోయింది. 2023లో వచ్చిన లిమా పరిశోధనలో 65 బిలియన్ పారామీటర్ల మోడల్‌కే వెయ్యి ఏరిన ఉదాహరణలు వాడారు, మన షాపుకి ఐదు వేలెందుకు? కాకపోతే నా మోడల్‌కి తెలుగు ముందే బాగా వచ్చు. తెలుగే సరిగ్గా రాని మోడల్ తీసుకుంటే 240తో ఏమీ కాదు.

ఇప్పటికీ ప్రతి జవాబూ "ఉంటానండీ" అనే ముగిస్తోంది. లెక్కపెడితే, నేను రాసినవాటిలో సగానికి పైగా అలాగే ముగిశాయి.