పగిలిన టైల్స్ వాపసుకి డెబిట్ నోట్, తర్వాతి బిల్లులో సర్దుబాటు

ప్రశ్న: కావలిలో టైల్స్ షాపు మాది. విజయవాడ నుంచి వచ్చిన 120 బాక్సుల్లో 12 వెనక్కి పంపాలి. కొన్ని పగిలాయి, కొన్నిటి షేడ్ కలవలేదు. ఆ బిల్లు మొత్తం కట్టేశాం. డెబిట్ నోట్ ఎలా రాయాలి, డబ్బు ఎలా పట్టుకోవాలి?

జవాబు: అన్నా, ముందు లెక్క బాక్సుల్లోకి తెచ్చుకోండి. బిల్లు బాక్సుల్లో ఉంటే నోట్ కూడా బాక్సుల్లోనే ఉండాలి. 2×2 టైల్స్ బాక్సుకి 4 అనుకుందాం. 6 బాక్సులు పూర్తిగా పోయి, వేరే బాక్సుల్లో విడిగా 8 టైల్స్ పగిలితే, ఆ 8 కలిసి 2 బాక్సులు. "సుమారు 8 బాక్సులు" అని రాస్తే మాత్రం అవతల గోడౌన్‌లో ఎంచేటప్పుడు పేచీ మొదలవుతుంది.

కారణాలు రెండు వరుసల్లో విడిగా రాయండి, ఎందుకంటే పగుళ్లకి సప్లయర్‌వాళ్లు లారీవాణ్ణి అడుగుతారు, షేడ్ తేడాకి కంపెనీని అడుగుతారు.

బిల్లు నం. 418పై వాపసు:
రవాణాలో పగిలినవి, 8 బాక్సులు × 640 = 5,120
షేడ్ తేడా, 4 బాక్సులు × 640 = 2,560
జీఎస్టీ 18% = 1,382.40
మొత్తం = 9,062.40

బిల్లులో డిస్కౌంట్ ఉంటే, అది పోగా మిగిలిన రేటే వేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. షేడ్ తేడా బాక్సులకైతే బాక్సు మీదున్న బ్యాచ్ నంబరు రాయండి, ఫోటో కూడా పెట్టండి. పగిలినవాటికైతే దించేటప్పుడే లారీ రసీదు మీద రాయించుకుని డ్రైవర్ సంతకం తీసుకోవాలి. లారీ వెళ్లిపోయాక చెప్తే, మీ హమాలీలే పగలగొట్టారంటారు.

ఒక మెలిక ఉంది. మీ డెబిట్ నోట్ మీ ఖాతా కోసమే. జీఎస్టీ తగ్గాలంటే సప్లయరే క్రెడిట్ నోట్ ఇచ్చి తన GSTR-1లో చూపాలి, అప్పుడది మీ GSTR-2Bలోకి వస్తుంది. మీరు ముందే తీసుకున్న 1,382.40 ఇన్‌పుట్ క్రెడిట్ అలా వెనక్కి పోతుంది. వాళ్లు పన్ను లేని క్రెడిట్ నోట్ ఇస్తామంటే మీకు దక్కేది 7,680 మాత్రమే, కాబట్టి ఫోన్‌లోనే తేల్చుకోండి. ఆ బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే వాళ్లకి పన్ను తగ్గించుకునే వీలుండదు. వార్షిక రిటర్న్ అంతకన్నా ముందే వేస్తే ఆ గడువు అక్కడితోనే ముగుస్తుంది.

టాలీప్రైమ్‌లో Alt+F5తో డెబిట్ నోట్ వేయండి. 418 ఇప్పటికే కట్టేసిన బిల్లు కాబట్టి దానికి Agst Ref కుదరదు, New Ref కింద డెబిట్ నోట్ నంబరే ఇవ్వండి. తర్వాతి బిల్లు 455, మొత్తం 54,280 అనుకుంటే, పేమెంట్ ఎంట్రీలో 455కీ, డెబిట్ నోట్‌కీ Agst Ref పెట్టండి. 54,280 లోంచి 9,062.40 పోతే బ్యాంకు నుంచి వెళ్లేది 45,217.60.

ఆ డబ్బు పంపిన రోజే వాట్సాప్‌లో "బిల్లు 455: 54,280, డెబిట్ నోట్ 7 కింద 9,062.40 తగ్గించి 45,217.60 పంపాం" అని పెట్టండి. ఊరికే తగ్గించి కడితే వాళ్ల లెడ్జర్‌లో ఆ 9,062.40 మీ బాకీగానే కనపడుతుంది, గడువు దాటితే వడ్డీ కూడా అడుగుతారు.