రెండింటి మీదా f/1.8 అనే ఉంది, మరి పెదనాన్న ఎందుకు మసకబారారు?

ప్రశ్న: మా చెల్లి పెళ్ళిలో మూడు వరుసల గ్రూప్ ఫొటో కొత్త కెమెరాతో తీశాను. 50 మి.మీ. లెన్స్, f/1.8. ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు బాగా వచ్చారు, వెనక నిలబడ్డ పెదనాన్న వాళ్లంతా మసక. అదే గ్రూప్‌ని ఫోన్‌తో తీస్తే అందరూ క్లియర్‌గా ఉన్నారు. ఫోన్ మీద కూడా f/1.8 అనే రాసి ఉంది. కెమెరా పాడైందా సర్? రెండు ఫైళ్లూ పంపిస్తున్నాను.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కెమెరాకేమీ కాలేదు, షాపుకి తీసుకెళ్లి గొడవ పడకండి. పెళ్ళిళ్ల సీజన్ మొదలైందంటే ఈ ఫిర్యాదు నాకు వస్తూనే ఉంటుంది. ఇందులో సగం తప్పు ఆ నంబర్‌ని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేసి, అదేమిటో చెప్పకుండా అమ్మేవాళ్లది.

f/1.8 అనేది సైజు కాదు, భాగాహారం. f అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్, మీరు చెప్పిన ఆ 50 మి.మీ. అదే. మీ లెన్స్‌కి 50ని 1.8తో భాగించండి. దాదాపు 28 మి.మీ. వస్తుంది, వెలుగు లోపలికొచ్చే రంధ్రం వెడల్పు అది. ఆ రంధ్రాన్నే ఎపర్చర్ అంటారు, పది రూపాయల బిళ్ల కంటే ఒక పిసరు పెద్దది. ఫోన్ మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ చాలా తక్కువ. మీరు పంపిన ఫోన్ ఫైల్‌లో అది 5.6 మి.మీ. అని ఉంది. దాన్ని 1.8తో భాగిస్తే 3.1 మి.మీ. ఆవగింజ కంటే పెద్దది, మిరియం కంటే చిన్నది. నంబర్ ఒకటే అయినా వైశాల్యంలో ఒక రంధ్రం రెండోదానికి 80 రెట్లు.

మరి ఆ నంబర్ దేనికి పనికొస్తుందంటారా? సెన్సర్ మీద చదరపు మిల్లీమీటరుకి ఎంత వెలుగు పడుతుందో చెప్పడానికి. మీ కెమెరా రంధ్రం పెద్దదే, కానీ లోపలికి వచ్చిన వెలుగు పెద్ద సెన్సర్ మీద పరుచుకుంటుంది. అందుకే f/1.8 దగ్గర రెండూ ఒకే షటర్ స్పీడ్ అడుగుతాయి. వెనక వరుస మసకబారుతుందా లేదా అన్నది తేల్చడంలో మాత్రం ఆ భాగాహారం కంటే రంధ్రం అసలు వెడల్పుకే ఎక్కువ పాత్ర ఉంది.

ఎలాగంటే, పెళ్ళికూతురి ముక్కుపుడక మీద ఒక మెరుపు చుక్క ఉందనుకోండి. ఆ ఒక్క చుక్క నుంచి వచ్చే వెలుగు లెన్స్ మొహం మొత్తం మీదా పడుతుంది. లెన్స్ చేసే పనల్లా ఆ కిరణాలన్నిటినీ వంచి సెన్సర్ మీద మళ్ళీ ఒక్క చుక్కగా కలపడమే. కాబట్టి లెన్స్‌లో ప్రతి భాగమూ బొమ్మ మొత్తాన్నీ చూస్తుంది. ఎపర్చర్ తగ్గిస్తే ఫొటో అంచులు కోసుకుపోతాయేమోనని కొందరు భయపడతారు, అలా జరగదు. నమ్మకం లేకపోతే పగటిపూట ఒకే కిటికీ ఉన్న గదిలో ఎదురుగోడ దగ్గర భూతద్దం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట కిటికీ తలకిందులుగా గోడ మీద పడుతుంది. ఇప్పుడు అద్దంలో సగాన్ని శుభలేఖతో మూసేయండి. కిటికీ సగం పోదు, మొత్తం అలాగే ఉండి వెలుగు మాత్రం తగ్గుతుంది.

మీరు ఫోకస్ చేసింది ముందు వరుస మీద. పెదనాన్నగారు వాళ్లకి ఓ 1.2 మీటర్లు వెనక ఉన్నారు. దూరంగా ఉన్నవాటి కిరణాలు లెన్స్‌కి దగ్గరలోనే కలుస్తాయి. అంటే ఆయన కిరణాలు సెన్సర్ దాకా రాకముందే కలిసిపోయి, మళ్ళీ విడిపోతూ వచ్చి సెన్సర్ మీద చుక్కగా కాకుండా గుండ్రటి బిళ్లగా పడ్డాయి. రంధ్రం ఎంత వెడల్పైతే బిళ్ల అంత పెద్దది. ఈ బిళ్లని కంటితో చూడాలంటే పందిరికి కట్టిన సీరియల్ బల్బుల్ని ఫోకస్ తప్పించి తీయండి. f/1.8లో గుండ్రటి బిళ్లలొస్తాయి. f/4కి తెచ్చి మళ్ళీ తీస్తే బిళ్లలు చిన్నవై, చాలా లెన్సుల్లో మూలలు కూడా తేలతాయి. లోపల ఎపర్చర్ రేకులు ఏడుంటే ఏడు మూలలు. మీరు చూస్తున్నది ఆ రంధ్రం ఆకారమే.

మీ ఫొటో లెక్క వేశాను. ముందు వరుస 5 మీటర్ల దూరంలో ఉంటే పెదనాన్నగారి మొహం మీద ప్రతి చుక్కా మీ సెన్సర్ మీద దాదాపు 14 పిక్సెళ్ల వెడల్పు బిళ్లగా పరుచుకుంది. ఆ ఫొటోలో ఆయన కన్ను మొత్తం 60 పిక్సెళ్లకి మించదు. ఇక కనురెప్పలు ఎక్కడ కనిపిస్తాయి? ఫోన్‌లో, మీరు ఇంకా దగ్గరగా నిలబడి తీసినా, అదే బిళ్ల సుమారు ఒక్క పిక్సెల్. మసక అక్కడా ఉంది, కంటికి ఆనదు.

ఇప్పుడు దీనికి మందు. ఎవర్నడిగినా f/8 పెట్టమంటారు. పెడితే అందరూ క్లియర్‌గా వస్తారు కానీ దాని ఖరీదు ఎవరూ చెప్పరు. f/1.8తో పోలిస్తే వెలుగు 20 రెట్లు తగ్గుతుంది. మీ ఫైల్‌లో షటర్ 1/250, ఐఎస్‌ఓ 400 ఉన్నాయి. కదలకుండా కూర్చున్న గ్రూప్‌కి 1/125 సరిపోతుంది, అయినా f/8లో ఐఎస్‌ఓ 4000 కావాలి. దానికి బదులు ఫోకస్‌ని ముందు వరుస మీంచి మధ్య వరుస మీదికి జరపండి. ఎందుకంటే ఫోకస్ చేసిన చోటుకి ముందు కొంత, వెనక కొంత స్పష్టంగా వస్తుంది. ముందు వరుస మీద ఫోకస్ పెడితే, దానికి ముందున్న భాగమంతా ఎవరూ లేని ఖాళీ నేల మీద వృథా. మధ్య వరుస 5.6 మీటర్ల దగ్గరుంటే, f/4లోనే సుమారు 4.8 నుంచి 6.7 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. మీ మూడు వరుసలూ అందులో పడతాయి. వెలుగు తగ్గేది 5 రెట్లే, 1/125 దగ్గర ఐఎస్‌ఓ 1000 చాలు.

1000కీ 4000కీ అంత తేడా ఏమిటని అడుగుతారు కాబట్టి సెన్సర్ సంగతి రెండు ముక్కలు. ఒక్కో పిక్సెల్ తన మీద పడ్డ వెలుగు రేణువుల్ని ఎలక్ట్రాన్లుగా మార్చి లెక్కపెడుతుంది. రంగు దానికి తెలియదు. పైన ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక్క ఫిల్టర్ ఉంటుంది, మిగతా రెండు రంగుల్నీ పక్క పిక్సెళ్లని చూసి కెమెరా ఊహిస్తుంది. వెలుగేమో వానచినుకుల్లా పడుతుంది, పక్కపక్క చోట్ల కూడా సరిసమానంగా పడదు. సగటున 10,000 రేణువులు పడే చోట ఆ హెచ్చుతగ్గు 100 అటూ ఇటూ, అంటే 1 శాతం. అదే 100 పడే చోట 10 అటూ ఇటూ, 10 శాతం. ఫంక్షన్ హాల్ ఫొటోల్లో నల్ల కోటు మీద ఇసక చల్లినట్టు కనిపించేది చాలావరకు ఇదే. ఐఎస్‌ఓ పెంచితే వెలుగు పెరగదు. తక్కువ వచ్చిన లెక్కని హెచ్చవేసి చూపిస్తుంది, ఇసకతో సహా.

వెలుగు దండిగా ఉంది కదా అని ఆరుబయట f/16, f/22 పెట్టేవాళ్లకి ఒక మాట. రంధ్రం మరీ సన్నబడితే వెలుగు దాని అంచు దగ్గర చెదిరి, ఫోకస్‌లో ఉన్న చుక్క కూడా బిళ్ల అవుతుంది. f/16లో ఆ బిళ్ల 21 మైక్రాన్లు, మీ పిక్సెల్ 4 మైక్రాన్ల లోపే. ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్‌లో f/1.4 నుంచి f/16 దాకా జరిపే ఒక స్లైడర్ ఇస్తారు చూశారా? చాలా ఫోన్లలో లోపల కదిలే రేకులే ఉండవు, రంధ్రం ఎప్పుడూ అదే. నిజంగా మారే ఎపర్చర్ ఉన్న ఫోన్లు కొద్దే. స్లైడర్ జరిపినప్పుడు మారేది సాఫ్ట్‌వేర్ వేసే మసక. ఫోన్ ముందు మనిషి ఎక్కడ, గోడ ఎక్కడ అని దూరాల పటం ఒకటి గీసుకుని, గోడ అనుకున్నదాన్ని అలుకుతుంది. అందుకే జడలోంచి బయటికి వచ్చిన వెంట్రుకలు మాయమవుతాయి, కళ్లజోడు అంచు సగం తెగుతుంది. ఫొటో బాగుంటే బాగుందనుకోవచ్చు. లేని రంధ్రానికి నంబర్ వేసి చూపించడం ఏం పద్ధతి?

అది చిరాకు మాత్రమే. భయపెట్టేది వేరే ఉంది. కెమెరా లెన్స్ వేసిన మసకలో ఆ చుక్కలు సెన్సర్ మీదే కలిసిపోయాయి, ముందటి స్పష్టమైన బొమ్మ అనేది ఎక్కడా లేదు. (పెద్ద అక్షరాలు మాత్రం మసకలోనూ పోల్చుకోవచ్చు, అది గుర్తుంచుకోండి.) ఫోన్ వేసిన మసక అలాంటిది కాదు. మసకని తర్వాత మార్చుకోవడానికని చాలా ఫోన్లు మసక లేని అసలు బొమ్మనీ, దూరాల పటాన్నీ కూడా దాచి ఉంచుతాయి, కొన్నయితే అదే ఫైల్‌లో. మా బంధువు ఒకాయన పాత స్కూటర్ అమ్ముతూ, వెనక బల్ల మీద బ్యాంకు పాస్‌బుక్ ఉన్నా మసకగానే ఉంది కదా అని అసలు ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపేశాడు. మా ఇంట్లో అదే రకం ఫోన్ ఉంది. ఎడిట్ నొక్కి స్లైడర్ చివరికి జరిపాను. ఖాతా నంబర్ గడగడా చదివి వినిపిస్తే ఆయన మొహం పాలిపోయింది. దాచాల్సిన కాగితం ఉంటే ఫ్రేమ్‌లోంచి తీసేయండి. తీయలేకపోతే కాగితం ఉన్న భాగం పోయేలా ముందు ఫొటోని క్రాప్ చేసి, తర్వాత దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ కొత్త ఫైల్‌ని పంపండి.

మీరూ నాకు అసలు ఫైళ్లే పంపారు. ఫోకల్ లెంగ్త్, షటర్ నాకు అలాగే తెలిశాయి. ఫోన్ ఫైల్‌లో వాటితోపాటు అది ఏ చోట తీశారో జీపీఎస్ అంకెలు కూడా ఉన్నాయి. ఫొటో ఫైల్‌లో ఉండే ఇలాంటి వివరాల్ని చూపించే exiftool అనే ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో ఉంటే మీరే చూసుకోవచ్చు. కింద మొదటి లైన్ చూపిస్తుంది, రెండోది ఆ అంకెల్ని తీసేస్తుంది:

```
exiftool -FNumber -FocalLength -GPSPosition photo.jpg
exiftool -gps:all= photo.jpg
```

రెండో లైన్ నడిపాక పాత ఫైల్ photo.jpg_original పేరుతో పక్కనే మిగిలి ఉంటుంది. పంపేటప్పుడు పొరపాటున దాన్ని ఎంచుకోకండి.