పాత, కొత్త డ్యాష్‌బోర్డుల్లో రోజువారీ లెక్క కలవకపోతే

"నల్గొండ పాల సేకరణ డ్యాష్‌బోర్డ్‌ను మైఎస్‌క్యూఎల్ నుంచి బిగ్‌క్వెరీకి మారుస్తున్నా. రెండూ పక్కపక్కన నడుస్తున్నాయి. నెల మొత్తం దాదాపు కలుస్తోంది, రోజువారీ లీటర్లు కలవట్లేదు. పాతది ఆపేయనా?"

ఇప్పుడే ఆపకండి అన్నా. నెల కలిసి రోజు తప్పుతోందంటే చాలావరకు వరుసలు పోలేదు, తేదీ జరిగింది. టైమ్‌జోన్ చెప్పకపోతే బిగ్‌క్వెరీ మామూలుగా యూటీసీ తేదీ తీసుకుంటుంది. అది మనకంటే 5:30 గంటలు వెనక. అందుకే తెల్లవారి 5 గంటలకు పోసిన పాలు ముందురోజు లెక్కలో పడతాయి. కాలమ్ `TIMESTAMP` రకమైతే ఇలా రాయండి:

```sql
DATE(collected_at, 'Asia/Kolkata')
```

తర్వాత నిన్నటి వరకే తీసుకుని, కేంద్రం వారీగా వరుసల సంఖ్య, లీటర్లు పోల్చండి. జిల్లా మొత్తమే చూస్తే మిర్యాలగూడలో తగ్గింది దేవరకొండలో పెరిగినదాని చాటున దాక్కుంటుంది.

నెలాఖరు దిద్దుబాట్లు కూడా రెండింట్లో ఒకేలా వచ్చాకే పాత షెడ్యూల్ ఆపండి. కొత్త వరుసలే తెచ్చే లోడ్‌కు, పాత వరుసల్లో చేసిన మార్పులు కనిపించవు.