నూతి నీళ్లు కలకబారాయంటే

చి. శ్రీనుకి,

ఆశీస్సులు. నూతిలో నీళ్లు అడుగంటాయని, చేద వేస్తే కలక నీళ్లే వస్తున్నాయని, మనిషిని దింపి పూడిక తీయించెయ్యమంటావా మావయ్యా అని అడిగావు. తాడుకి రాయి కట్టి కొలిచి రాశావు చూడు, అది మంచి పని. చాలామంది అది చెయ్యకుండానే కూలీల్ని పిలిచేస్తారు.

నీ లెక్క ప్రకారం గట్టు అంచు నుంచి నీటికి పదిహేను అడుగులు, రాయి అడుగు తగలడానికి పదిహేడు. కానీ మీ తాతగారు దింపించిన ఒరల చివర గట్టు నుంచి సరిగ్గా ఇరవై అడుగుల్లో ఉంది. అంటే నీరు రెండడుగులే ఉన్నా, దాని కింద మూడడుగుల బురద కూర్చుంది. అది తీసేస్తే ఈ ఎండల్లో కూడా ఐదడుగుల నీరుంటుంది. కొత్తగా తవ్వాల్సిన పని లేదు.

మట్టం పడిపోవడం మాత్రం మన కోనసీమలో ఏటా జరిగేదే. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అన్ని నెలలూ చేలల్లో నిలిచిన నీరు, కాలువ గట్ల కింద నుంచి ఊరే నీరే మన నూతుల్ని నింపేది. అది ఆగితే వారం పది రోజుల్లోనే ఒరల మీద తడి గీత కిందకి దిగుతుంది. జూన్‌లో కాలువలు వదిలాక మళ్లీ ఎక్కుతుంది. పక్కింటివాళ్లు ఈ ఏడు కొత్తగా బోరు వేసి ఉంటే ఆ లాగుడు కూడా కలుస్తుంది. వాళ్ల మోటారు ఆడుతున్నప్పుడు ఒకసారి, ఆపిన రెండు గంటలకి ఒకసారి తాడు వేసి కొలిస్తే అదీ తెలిసిపోతుంది.

ఇక కలక. రెండడుగుల నీటిలో చేద పడిందంటే అడుగు బురదని గిలకొట్టినట్టే. అయినా అదొక్కటే కారణమని అనుకోకు. గాజు గ్లాసులో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. పొద్దుటికి పైన తేటపడి అడుగున మట్టి కూర్చుంటే ఒట్టి పూడికే. పచ్చగా ఉంటే ఎండ పడి పట్టిన పాచి. తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలిన గంటకి తుప్పు రంగు తిరిగితే ఇనుము. కలకతో పాటు మురుగు కంపు కూడా ఉంటే మాత్రం ఆ నీళ్లు తాగడం వెంటనే ఆపేసి, మరుగుదొడ్డి గుంట ఎంత దూరంలో ఉందో చూడు. యాభై అడుగుల లోపుంటే అనుమానించాల్సిందే. నూతిని ఎంత కడిగినా ఆ జబ్బు పోదు.

ఇప్పుడు అసలు సంగతి, మనిషిని దింపడం. దింపొద్దు. ఆకులూ బురదా కుళ్లుతూ లోపలున్న ప్రాణవాయువుని తినేస్తాయి. వాటి నుంచి పుట్టే బొగ్గుపులుసు వాయువు గాలి కన్నా బరువు, అడుగునే నిలిచిపోతుంది. నాలుగడుగుల వెడల్పు నూతిలో గాలి ఆడదు. దిగినవాడు కేక వేసే లోపే సొమ్మసిల్లుతాడు. వాణ్ణి తీద్దామని రెండోవాడు దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. ఒక్క నూతిలో ముగ్గురేసి, నలుగురేసి పోవడం అలాగే జరుగుతోంది. దీపం దింపి చూస్తే చాలంటారు మన పెద్దలు. దీపం ఆరిపోతే దిగకూడదన్నంత వరకు అది నిజం. వెలుగుతున్నంత మాత్రాన దిగొచ్చని కాదు, దీపం ఆర్పకుండానే మనిషిని చంపే విషవాయువులున్నాయి. డీజిలు ఇంజను నూతిలోకి దింపి తోడతామనేవాళ్లని గుమ్మం ఎక్కనివ్వకు. దాని పొగ ఒక్కటే చాలు ప్రాణం తీయడానికి.

మన పూడిక మెత్తటి ఒండ్రు, దాన్ని పై నుంచే తీయొచ్చు. ముందు పాతాళగరిగె వేసి పడిపోయిన చేదలు, తాళ్లు, కొబ్బరి మట్టలు లాగించు. తర్వాత బురద నీళ్లు లాగే పంపుని గట్టుకి దూరంగా నేల మీదే పెట్టించి, గొట్టం ఒక్కటే లోపలికి వదలమను. పదిహేడు అడుగుల లోతు నుంచి పంపు లాగగలదు, ఇరవై ఐదు దాటితే దాని తరం కాదు. పొడుగాటి వెదురు గడతో పై నుంచి బురదని కలియబెడుతూ ఉంటే నీటితో పాటు వచ్చేస్తుంది. నీరు చాలకపోతే ట్యాంకరు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ లాగాలి. నూతిలో మోటారు ఉంటే మొదట దాని ఫ్యూజు పీకి జేబులో వేసుకో.

ఒకేసారి ఆబగా తోడెయ్యనివ్వకు. లోపల నీరు ఖాళీ అయితే బయటి నీటి ఒత్తిడికి అడుగు నుంచి ఇసుక పొంగి లోపలికి వస్తుంది. ఒరల కింద ఆధారం పోయి అవి ఒరుగుతాయి. ఎప్పుడూ ఒక అడుగు నీరు ఉండనిచ్చి, ఊట వచ్చే వరకు ఆగి మళ్లీ లాగించు. రెండు రోజులు పట్టినా పరవాలేదు. నల్ల బురద అయిపోయి శుభ్రమైన ఇసుక రావడం మొదలైందా, అక్కడికి ఆపెయ్. ఇంకో రెండడుగులు లోతు చేస్తే నీళ్లు బాగుంటాయని కూలీలు ఆశ పెడతారు. మన దగ్గర మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతు పెంచితే దొరికేది ఉప్పు నీళ్లు, పైగా ఒరలు కూలతాయి.

ఒర విరిగిందనో, అతుకులు పూడ్చాలనో తప్పక దిగాల్సి వస్తే, అది ఆ పనే చేసేవాళ్లు చేయాలి. గాలి కొట్టే బ్లోయరు గొట్టం అడుగు దాకా దింపి, దిగకముందు నుంచీ పైకి వచ్చే దాకా ఆడుతూనే ఉండాలి. లోపలి గాలిని కొలిచే మీటరు ఉండాలి. దిగేవాడి భుజాలకీ తొడలకీ పట్టీలు కట్టి, ఆ తాడు పైన ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఉండాలి. వాడు పలక్కపోతే తాడు లాగడమే, ఎవరూ దిగకూడదు. వేపమండలు దింపి ఊపితే గాలి కొంత కదులుతుంది, కానీ దాన్ని నమ్ముకుని మనిషిని పంపడానికి లేదు.

పూడిక తీశాక రెండు రోజులు ఆగి, నీరు తేటపడ్డాక బ్లీచింగ్ పౌడరు. కలక నీటిలో వేస్తే దాని బలమంతా మట్టికే సరిపోతుంది. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల నీరు అంటే దాదాపు 1,800 లీటర్లు. తొలిసారి గట్టి మోతాదుకి 300 గ్రాముల కొత్త పౌడరు కావాలి. తెరిచి నెలలు గడిచిన డబ్బా పనికిరాదు. బకెట్‌కి 100 గ్రాముల చొప్పున ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఉంచితే సున్నం అడుగున దిగుతుంది. పైతేట మాత్రమే వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో నీటి లోపలికి దింపి పైకీ కిందకీ ఆడించు. రాత్రంతా వదిలెయ్. మర్నాడు ఘాటు తగ్గే వరకు తోడి పారబోయాలి, చేపల చెరువు వైపు మాత్రం పోనివ్వకు. ఆ తర్వాత వాడకానికి ఈ నీటికి నాలుగైదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా చాలు. వేసిన గంట తర్వాత తోడుకోండి.

ఈలోగా తాగడానికి అమ్మకి ఇండుపగింజ అరగదీసి బిందెలో కలపమను. మట్టి అడుక్కి దిగుతుంది. కానీ సూక్ష్మజీవులు చావవు, తేటని వంచి కాచుకునే తాగాలి.

పని అయ్యాక గట్టు చుట్టూ ఉన్న గచ్చు పగుళ్లకి సిమెంటు పట్టించు. వానలు పడ్డాక ఆ సందుల్లోంచే బట్టలుతికిన నీళ్లు, మట్టి లోపలికి దిగుతాయి. పైన వలైనా కట్టించు, మీ బాదం చెట్టు ఆకులన్నీ దాన్లోకే రాలుతున్నాయి.

మీ పెద్ద మావయ్య