తడిమట్టిలోనే వాడిపోతున్న బాల్కనీ టమాటా, మిరప

ప్రశ్న: నమస్కారం సార్. మాది బరంపురం. రెండో అంతస్తులో దక్షిణం వైపు బాల్కనీ ఉంది. మా అత్తగారి పెరట్లో వంగ వేసిన చోటి మట్టి తెచ్చి, బకెట్లలో నింపి టమాటా, మిరప నాటాను. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నా మొక్కలు వాడిపోతున్నాయి. కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఒక టమాటా మాత్రం పచ్చగా ఉండగానే వేలాడిపోయింది. నీళ్లు ఇంకా పెంచాలా?

జవాబు: వద్దమ్మా, ముందు నీళ్లు ఆపండి. పెరటి మట్టి ఒక్కటే బకెట్లో నింపితే కొద్ది రోజులకే గట్టిగా అణిగిపోతుంది. గాలి ఉండాల్సిన సందుల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తే ఉన్న వేళ్లు కూడా పోతాయి.

ఒక మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి చూడండి. వేళ్లు తెల్లగా ఉంటే పర్వాలేదు. గోధుమరంగులో మెత్తబడి, లాగితే పైతొక్క ఊడొస్తుంటే కుళ్లినట్టే. సగం వేళ్లయినా తెల్లగా ఉంటే కుళ్లినవి కత్తిరించి, కొత్త మట్టిలో నాటి, నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమపాళ్లలో కలపండి. బకెట్ అడుగున పెన్సిల్ పట్టేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి. కింద ట్రేలో నీళ్లు నిలవనివ్వొద్దు.

పచ్చగానే వేలాడిన మొక్క సంగతి వేరు. దాని కాండాన్ని మొదట్లో కోసి, ఆ ముక్క కొనను గ్లాసులోని తేట నీళ్లలో తగిలేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కొన నుంచి పాలలాంటి తెల్లటి దారాలు దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. వంగ మట్టితో వచ్చి ఉండొచ్చు. మన ఒడిశా కోస్తాలో దీని బెడద ఎక్కువ. మందుతో నయం కాదు. మొక్కను పారేయండి. ఆ పెరటి మట్టిని టమాటా, మిరప, వంగకు మళ్లీ వాడకండి, కొత్త మిశ్రమంలోనూ కలపకండి. బకెట్లు బాగా కడిగి ఎండబెట్టండి. ఈసారి భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఉత్కళ్ కుమారి గానీ, అర్క రక్షక్ గానీ నాటండి. రెండూ ఈ తెగులును తట్టుకునే టమాటాలే.

ఇక ఎండ. దక్షిణం బాల్కనీ అనగానే ఏడాది పొడవునా ఎండ ఉంటుందనుకుంటారు. బరంపురంలో మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. పై స్లాబు అడ్డమై మీ మొక్కలకు నేరుగా ఎండ దాదాపు తగలదు. ఎండ లేని మొక్క నీరు తక్కువ తాగుతుంది కాబట్టి మట్టి తొందరగా ఆరదు. నవంబరుకల్లా సూర్యుడు దక్షిణాన కిందికి దిగి, బాల్కనీ లోపలిదాకా ఎండ వస్తుంది. టమాటా, మిరపకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అందుకని అక్టోబరు, నవంబరులో నాటుకోండి.

నీళ్లకు టైం పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, పొడిగా తగిలితేనే అడుగు నుంచి కారేదాకా పోయండి. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచే మొక్క ఎండకు వాలినదే, టెన్షన్ పడొద్దు. పొద్దున్నే కూడా వాలి ఉంటే మాత్రం పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడండి.